పదమూడుతో భాగిస్తే ఏవి వర్గాలు?

ఒకట్ల స్థానంలో 2, 3, 7, 8లలో ఏదైనా ఉంటే ఆ సంఖ్య పరిపూర్ణ వర్గం కాదని బడిలోనే నేర్చుకున్నాం. 4,527కు వర్గమూలం తీసి చూడక్కర్లేదు, చివరి 7 చూస్తే చాలు. నిజానికి అప్పుడు మనం చూస్తున్నది 10తో భాగిస్తే మిగిలే శేషాన్నే. 10కి బదులు 13 లాంటి ప్రధాన సంఖ్యను తీసుకుంటే ఈ కథ ఇంకా అందంగా ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 1, 2, 3ల వర్గాలు 1, 4, 9. నాలుగు వర్గం 16, 13 తీసేస్తే 3. అయిదు వర్గం 25, శేషం 12. ఆరు వర్గం 36, శేషం 10. ఏడు వర్గం 49, దానికీ శేషం 10 వస్తుంది. ఎనిమిదికి మళ్లీ 12. అక్కడి నుంచి వచ్చిన శేషాలే వెనక్కి వరస కడతాయి. ఎందుకంటే 7 అంటే 13కి 6 తక్కువ. శేషాల లెక్కలో అది -6తో సమానం, -6 వర్గమూ 36 అవుతుంది.

కాబట్టి 13 గుణిజాలను పక్కన పెడితే, వర్గాలకు వచ్చే శేషాలు 1, 3, 4, 9, 10, 12 మాత్రమే. 2, 5, 6, 7, 8, 11 ఎన్నటికీ రావు. సరిగ్గా సగం సగం. 1 నుంచి 6 లోపు రెండు సంఖ్యల వర్గాలకు ఒకే శేషం రాదా అంటే, రాదు. అలా వస్తే ఆ వర్గాల తేడాను, అంటే రెండు సంఖ్యల మొత్తాన్ని వాటి భేదంతో గుణించిన లబ్ధాన్ని, 13 భాగించాలి. 13 ప్రధాన సంఖ్య కనుక ఆ రెంటిలో ఒకదాన్ని భాగించి తీరాలి. కానీ రెండూ 13 కంటే చిన్నవే. 15 లాంటి సంఖ్య దగ్గర ఈ వాదన నిలవదు: 1 వర్గానికీ 4 వర్గానికీ శేషం 1 వస్తుంది.

13 చిన్నది కాబట్టి జాబితా రాసేశాం. పెద్ద ప్రధాన సంఖ్యలకు ఆయిలర్ పరీక్ష ఉంది. ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసి సగం చేయాలి, 13కైతే 6. ఇచ్చిన సంఖ్యను ఆరో ఘాతానికి హెచ్చించి శేషం చూడాలి. 1 వస్తే వర్గం, 12 వస్తే (అంటే -1) కాదు. 10ని చూద్దాం. దాని వర్గం 100, శేషం 9. నాలుగో ఘాతానికి 9 వర్గం 81, శేషం 3. ఆరో ఘాతానికి 9ని 3తో గుణిస్తే 27, శేషం 1. కనుక 10 వర్గమే. ఇలాగే 7ను చూస్తే శేషాలు 10, 9, ఆపైన 90లోంచి 12. కాబట్టి 7 వర్గం కాదు.

ఇదెలా పనిచేస్తుంది? ఒక సంఖ్య x వర్గమైతే, దాని ఆరో ఘాతం xకి పన్నెండో ఘాతం అవుతుంది. దానికి శేషం 1 అని ఫెర్మా చెప్పిన సూత్రం. ప్రధాన సంఖ్య శేషాల్లో ఆరో ఘాత సమీకరణానికి ఆరు కంటే ఎక్కువ సాధనలు ఉండవు. ఆ ఆరు చోట్లనూ వర్గాలే నింపేశాయి, మిగతావాటికి చోటు లేదు.

నాకు మరీ ఇష్టమైనది ఇంకో దారి. 13 అన్నది 101 శేషాల్లో వర్గమా? ప్రశ్నను తిరగేసి, 101 అన్నది 13 శేషాల్లో వర్గమా అని అడగొచ్చు. 101ని 13తో భాగిస్తే 10 మిగులుతుంది, 10 మన జాబితాలో ఉంది. కనుక వర్గమే. నమ్మకం కుదరకపోతే 35 వర్గం చూడండి: 1,225. అందులోంచి 101 పన్నెండుసార్లు, అంటే 1,212 తీసేస్తే 13 మిగులుతుంది. 97కైతే 13తో శేషం 6, అది జాబితాలో లేదు. కాబట్టి 97తో భాగిస్తే 13 మిగిలే వర్గం ఎక్కడా ఉండదు. ఈ తిరగేసే నియమాన్ని ఆయిలర్, లెజెండర్ ముందే గమనించారు. పూర్తిగా రుజువు చేసింది 1796లో, 18 ఏళ్ల వయసులో, గౌస్.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బేసి ప్రధాన సంఖ్యలు రెంటికీ 4తో భాగిస్తే 3 మిగిలేటట్లయితే తిరగేసినప్పుడు జవాబు తారుమారవుతుంది. 7, 11 అలాంటివే. 11ని 7తో భాగిస్తే 4 మిగులుతుంది, అది వర్గం. కానీ 11 శేషాల్లో వర్గాలు 1, 3, 4, 5, 9 మాత్రమే, 7 లేదు. 13కి 4తో శేషం 1 కనుక ఈ బెడద లేదు. అయితే ఈ నియమం వర్గమూలం ఉందని మాత్రమే చెబుతుంది. ఆ మూలం 35 అని చెప్పదు, దాన్ని వేరే వెతుక్కోవాల్సిందే.