అసలు ధర ముందు, తగ్గింపు తర్వాత

మా వదిన రాజమండ్రిలో ఇంటి ముందు గదిలోనే ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది, కుట్టడం నేర్పుతోంది. మూడు నెలల క్లాసుకి 4,500 తీసుకుంటుంది. కిందటేడాది లైనింగ్ జాకెట్టు కటింగ్ మీద 24 వీడియోలు తీసింది. మొత్తం ఆరు గంటల పాఠం. వాటితోపాటు 32 నుంచి 40 వరకు అయిదు సైజుల పేపర్ కటింగులు పీడీఎఫ్‌లో. ఒకసారి డబ్బు కడితే ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు. అంతా సిద్ధమయ్యాక ధర దగ్గర ఆగిపోయింది. "యూట్యూబులో ఊరికే దొరుకుతున్నాయి కదా, 299 పెడతాను" అంది.

ఆ రాత్రి ఇద్దరం కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాం. రికార్డు చేసిన కోర్సుకి ఖర్చు ఏముంటుంది, ఒకసారి తీస్తే ఎంతమందికైనా అమ్ముకోవచ్చు అని అందరూ అంటారు. అక్కడే పొరబాటు. కొన్నవాళ్లు వీడియో చూసి ఊరుకోరు. చంక దగ్గర గుడ్డ ఎందుకు లాగుతోంది, వీపు మీద ముడత ఎందుకు పడింది అని ఫొటోలు పెట్టి అడుగుతారు. డబ్బు ఒక్కసారే వస్తుంది, ప్రశ్నలు మాత్రం వస్తూనే ఉంటాయి. తన పాత విద్యార్థుల లెక్క చూసుకుని, ఒక్కొక్కరి సందేహాలకి మొత్తం మీద గంటన్నర పడుతుందంది వదిన.

ఇప్పుడు లెక్క వేస్తే, 299 చొప్పున వందమంది కొంటే 29,900 వస్తుంది. 1,499 చొప్పున ఇరవైమంది కొన్నా దాదాపు అంతే, 29,980. ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే గేట్‌వేకి రెండు శాతం, ఆ రెండు శాతం మీద 18 శాతం జీఎస్టీ పోతే రెండు చోట్లా సుమారు 700 తగ్గుతుంది. తేడా అంతా సమయంలోనే ఉంది. వందమంది సందేహాలకి 150 గంటలు, ఇరవైమందికి 30 గంటలు. అంటే మొదటి దారిలో గంటకి 195 రూపాయలు, రెండో దారిలో 975. లైనింగ్ జాకెట్టు కుడితే వదినకి రెండు గంటల్లో 500 వస్తాయి, గంటకి 250. 299కి అమ్మితే కోర్సు కన్నా మిషనే నయమన్నమాట.

అలాగని తోచినంత పెట్టేయడానికీ లేదు. ఎదురుగా కూర్చున్న పిల్ల కత్తెర వంకరగా పోతుంటే వదిన చెయ్యి పట్టి సరిచేస్తుంది. వీడియో ఆ పని చేయలేదు. కాబట్టి క్లాసు ఫీజులో మూడో వంతు న్యాయమనిపించింది. కొనేవాళ్ల వైపు నుంచీ చూశాం. మూడు జాకెట్లు సొంతంగా కుట్టుకుంటే 1,499 తిరిగి వచ్చేస్తుంది. అదే ధర ఖాయం చేశాం. సందేహాలకి 60 రోజుల గడువు పెట్టాం. వీడియోలు ఎప్పుడైనా చూసుకోవచ్చు, వదిన జవాబులు మాత్రం రెండు నెలలే. ఈ ముక్క కొనే ముందే కనపడేలా పెద్ద అక్షరాల్లో రాయించాను.

ఆ తర్వాతే తగ్గింపు సంగతికి వచ్చాం. వరస ముఖ్యం. చాలామంది ముందు 999కి అమ్ముదామని అనుకుని, పక్కన 3,999 కొట్టేసినట్టు చూపిస్తారు. ఎవరూ ఎప్పుడూ కట్టని ధరని అసలు ధర అనడం అబద్ధం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో తెచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ని నిషేధించింది. లేని తొందర పుట్టించడం వాటిలో ఒకటి. రోజూ మళ్లీ మొదలయ్యే కౌంట్‌డౌన్ గడియారం దాని కిందికే వస్తుంది.

ముందస్తు తగ్గింపు మనకేమీ కొత్త కాదు. అచ్చుకాకముందే డబ్బు కట్టినవాళ్లకి పుస్తకాన్ని తక్కువకి ఇవ్వడం తెలుగు ప్రచురణలో ఎప్పటినుంచో ఉంది. ఎవరూ చూడని దాన్ని నమ్మి కొన్నందుకు ఆ తగ్గింపు. కోర్సుకీ అదే న్యాయం. మొదట కొనేవాళ్లకి ఇతరుల అభిప్రాయాలు చదివే వీలు లేదు. పైగా మన తప్పులు దొరికేది వాళ్లకే. అందుకని ఏడు రోజులు 1,099 అనుకున్నాం, 400 తక్కువ. సగానికి సగం తగ్గిస్తే ఎనిమిదో రోజు 1,499ని ఎవరూ నమ్మరు, మళ్లీ తగ్గిస్తారులే అని కూర్చుంటారు. వంద తగ్గిస్తే ఎవరూ కదలరు. పావు వంతు దరిదాపుల్లో ఉంటే రెండు బాధలూ ఉండవు.

వదిన దగ్గర కోర్సు ఎప్పుడని అడిగిన 210 మంది నంబర్లున్నాయి. సోమవారం పొద్దున అందరికీ కబురు పెట్టింది. మొదటి రెండు రోజుల్లో 12 మంది కొన్నారు. తర్వాత నాలుగు రోజుల్లో ముగ్గురంటే ముగ్గురు. శుక్రవారం రాత్రి ఫోన్ చేసి "799 చేసేద్దామా?" అంది. వద్దన్నాను. గడువున్న అమ్మకాలన్నిటికీ ఇంచుమించు ఇదే నడక. మొదట ఒక పోటు, మధ్యలో ఎండు, చివర మళ్లీ పోటు. ఆ ఎండులో ధర దించితే ముందు నమ్మి కొన్న పన్నెండు మందినీ మోసం చేసినట్టే. ఆదివారం ఒక్కరోజే 13 మంది కట్టారు, అందులో తొమ్మిది మంది రాత్రి తొమ్మిది దాటాక. మొత్తం 28 మంది, 30,772 రూపాయలు. వీళ్లంతా వదినని ముందే ఎరిగినవాళ్లు. ముక్కూ మొహం తెలియని 210 మందికి పంపి ఉంటే ఇంతమంది కొనేవారు కాదు.

ఆ 28 మంది తమ తగ్గింపుకి తగిన పని చేసిపెట్టారు. కాకినాడ నుంచి ఒకావిడ 36 సైజు కుడితే ఛాతీ దగ్గర అంగుళం బిగుతు వచ్చింది. వీడియోలో కొలత సరిగ్గానే ఉంది. చూస్తే తప్పంతా ప్రింటులో. జెరాక్స్ షాపులో Fit అన్న చోట నొక్కితే కాగితం అంచులకి సరిపెట్టడానికి బొమ్మ మూడు శాతం కుంచించుకుపోయింది. తొమ్మిది అంగుళాలుండాల్సిన ముక్కకి పావు అంగుళం తగ్గితే, నాలుగు ముక్కలకి కలిపి అంగుళం పోయినట్టే. Actual size అని పెట్టి ప్రింటు తీయాలి. వదిన మొదటి పేజీలో రెండు అంగుళాల చదరం గీయించింది. టేపు పెట్టి చూసుకుని, సరిపోతేనే కత్తెర పట్టమని రాసింది. కొత్త ఫైలు ముందు ఆ 28 మందికే వెళ్లింది.

పన్ను ముచ్చట ఒకటుంది. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. వదినకి ఆ అవసరం రాలేదు. నమోదైనవాళ్లు 1,499లోనే పన్ను కలిపితే వాళ్లకి మిగిలేది 1,270. ఆ సంగతి ధర పెట్టే రోజే చూసుకోవాలి.

సోమవారం పొద్దున ఆరింటికి వదిన ధర 1,499కి మార్చింది. ఏడింటికల్లా రెండు మెసేజీలు వచ్చాయి. ఒకావిడ రాత్రి పదకొండున్నరకి ఖాతాలో డబ్బు కట్ అయినా కోర్సు తెరుచుకోలేదని యూపీఐ నంబరుతో సహా పెట్టింది. వదిన చూసి, పాత ధరకే ఇచ్చింది. రెండో ఆవిడ, "అక్కా, నిన్న మర్చిపోయాను, ఆ రేటుకే ఇవ్వండి" అంది. "నిన్న రాత్రి లోపు కట్టినవాళ్లకి మాటిచ్చానమ్మా, ఇవాళ నీకు తగ్గిస్తే వాళ్లకి నేనేం చెప్పను?" అని రాసింది వదిన. ఆవిడ పది రోజులు ఆగి, 1,499 కట్టి చేరింది.