కొత్త కన్సోల్‌కు పాత కేబుల్ తగిలిస్తే

ఇంటీరియర్ పనులు చేయించేటప్పుడు టీవీ వెనక గోడలో పైపు వేయించి, అందులోంచి ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ లాగించి పెట్టుకోవడం మన అపార్ట్‌మెంట్లలో మామూలే. తీగలు బయటికి వేలాడకూడదని చేసే పని అది. ఎప్పుడో సెట్‌టాప్ బాక్స్ కోసం వేసిన ఆ కేబుల్‌కే ఇప్పుడు ప్లేస్టేషన్ 5 తగిలిస్తారు. కన్సోల్ పెట్టెలో వచ్చిన కేబుల్ పొట్టిది, కప్‌బోర్డు నుంచి గోడ మీది టీవీ దాకా అందదు. కాబట్టి అది పెట్టెలోనే ఉండిపోతుంది. బొమ్మ వస్తుంది, ఆటా నడుస్తుంది. కానీ టీవీ 120 హెర్ట్జ్‌ది అయినా తెర మీద 60 దాటదు. కొన్ని ఇళ్లలో ఉన్నట్టుండి తెర నల్లబడి, రెండు సెకన్లకు మళ్లీ వస్తుంది. అనుమానం ముందు కన్సోల్ మీదికి, ఆ తర్వాత టీవీ మీదికి పోతుంది. గోడలో ఉన్న తీగ ఎవరికీ గుర్తు రాదు.

అసలు ఆ తీగలోంచి ఎంత సమాచారం పోవాలో ఒకసారి లెక్క వేసి చూద్దాం. 4కె తెర అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం దాదాపు 83 లక్షలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 60 బొమ్మలు పంపాలంటే ఇంచుమించు 12 గిగాబిట్లు అవుతాయి. దీనికి తోడు వరుసకూ వరుసకూ మధ్య, బొమ్మకూ బొమ్మకూ మధ్య కొంత ఖాళీ సమయం ఉంటుంది. పైగా ప్రతి 8 బిట్లనూ 10 బిట్లుగా మార్చి పంపుతారు. ఇవన్నీ కలిపితే లెక్క 17.8 గిగాబిట్లకు చేరుతుంది. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 గరిష్ఠ వేగం 18. అంటే 4కె 60 హెర్ట్జ్ అందులో అంచుకు ఆనుకుని సరిపోయింది. అంతకు ముందు 2009లో వచ్చిన 1.4కి 10.2 గిగాబిట్లే దిక్కు. అందులో 4కె పట్టాలంటే సెకనుకు 30 బొమ్మలతో సరిపెట్టుకోవాల్సిందే.

ఇక 120 హెర్ట్జ్ కావాలంటే 18 ఏ మూలకూ చాలదు. 2017లో వచ్చిన 2.1 ఈ పరిమితిని 48 గిగాబిట్లకు పెంచింది. అది ఎలా పెంచిందో తెలిస్తే పాత కేబుల్ ఎందుకు తడబడుతుందో అర్థమవుతుంది. కేబుల్ లోపల సమాచారం మోసే తీగల జతలు నాలుగు. 2.0 దాకా వాటిలో మూడే బొమ్మను మోసేవి. నాలుగో జత పని, పాటగాళ్ల పక్కన తాళం వేసేవాడిలా, ఏ బిట్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పడం. 2.1లో వేరే తాళం లేదు, లయ బిట్లలోనే కలిసి ఉంటుంది. దాంతో నాలుగో జత కూడా బొమ్మ మోయడానికి దిగింది. ఒక్కో జతలో వేగం 6 గిగాబిట్ల నుంచి 12కు పెరిగింది. 8కి 10 బదులు 16 బిట్లకు 18 పంపే పద్ధతి రావడంతో వృథా కూడా తగ్గింది. అందుకే 4కె 120 హెర్ట్జ్‌కు 35 కాకుండా 32 గిగాబిట్లు చాలుతున్నాయి.

మరి పాత కేబుల్‌లోనూ అవే 19 పిన్నులు, అవే నాలుగు జతలు ఉంటాయి కదా? ఉంటాయి. కరెంటు మోసే తీగకు వెర్షన్ అనేదే లేదు. వెర్షన్ అన్నది అటు కన్సోల్‌కు, ఇటు టీవీకి సంబంధించిన మాట. కేబుల్‌కు ఉండేది వేగపు తరగతి మాత్రమే. 10.2 గిగాబిట్ల దాకా పరీక్ష నెగ్గినది హై స్పీడ్, 18 దాకా నెగ్గినది ప్రీమియం హై స్పీడ్, 48కి నెగ్గినది అల్ట్రా హై స్పీడ్. తేడా అంతా రాగిలో, దాని చుట్టూ ఉన్న తొడుగులో, ఆ జతల్ని ఎంత సమంగా మెలిపెట్టారన్న దాంట్లో ఉంది. వేగం పెరిగేకొద్దీ సంకేతం తీగ పైపొరకే పరిమితమైపోతుంది. ఇన్సులేషన్ దాన్ని ఎక్కువగా మింగేస్తుంది. జతలో ఒక తీగ వెంట్రుకవాసి పొడుగైనా రెండింటి సంకేతాలూ ఒకే క్షణానికి చేరవు. పొడవు పెరిగితే ఈ జబ్బులన్నీ పెరుగుతాయి. అందుకే మీటరు పొడవున్న పాత కేబుల్ ఒక్కోసారి తన తరగతికి మించి పనిచేస్తుంది. గోడలో పది మీటర్లు పోయినది ఆ పని చేయలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. కన్సోల్ ముందుగా టీవీని అడుగుతుంది, నువ్వు ఏమేం చూపించగలవని. టీవీ జాబితా చెబుతుంది. మధ్యలో ఉన్న మామూలు రాగి కేబుల్‌లో చిప్ ఏదీ ఉండదు కాబట్టి అది తన స్థాయి చెప్పుకోలేదు. 2.0 పద్ధతిలో కన్సోల్ ఆ జాబితాను నమ్మి పంపడం మొదలుపెడుతుంది. కేబుల్ మోయలేకపోతే తెర మీద తెల్లటి మెరుపు చుక్కలు రాలతాయి, లేదా తెర ఆరిపోయి వెలుగుతుంది. 2.1 పద్ధతిలో మాత్రం ముందు ఒక పరీక్ష జరుగుతుంది. కన్సోల్ తెలిసిన నమూనా బిట్లను ఎక్కువ వేగంతో పంపితే, సరిగ్గా అందాయో లేదో టీవీ చెబుతుంది. అందకపోతే ఒక మెట్టు దిగి మళ్లీ ప్రయత్నం. ఈ దిగడం గురించి తెర మీద ఏ హెచ్చరికా రాకపోవచ్చు. 120 ఉండాల్సిన చోట 60 కనిపిస్తుంది, అంతే.

పట్టుకోవడం కష్టం కాదు. ప్లేస్టేషన్ 5లో Settings తెరిచి Screen and Video లోకి, అక్కడి నుంచి Video Output Information లోకి వెళ్లాలి. ఇప్పుడు పోతున్న బొమ్మ కొలత, హెర్ట్జ్, రంగు రూపం అక్కడ రాసి ఉంటాయి. 120 హెర్ట్జ్ వాడుకునే ఆట నడుస్తుండగా చూడాలి, మామూలు మెనూలో చూస్తే 60 అనే కనిపిస్తుంది. ఆ తర్వాత కన్సోల్‌ను టీవీ కిందికే తెచ్చి, పెట్టెలో వచ్చిన పొట్టి కేబుల్‌తో అదే పోర్టుకు కలిపి మళ్లీ చూడాలి. ఇప్పుడు 120 వచ్చిందంటే దోషం గోడలో ఉంది. రాకపోతే టీవీని చూడాలి. చాలా టీవీల్లో ఒకటి రెండు పోర్టులే ఆ వేగానికి పనికొస్తాయి, పైగా సెట్టింగుల్లో ఆ పోర్టును విడిగా ఆన్ చేయాల్సి ఉంటుంది.

రంగు రూపం దగ్గర YUV422 అని కనిపిస్తే కేబుల్‌ను తిట్టుకోనక్కర్లేదు. హెచ్‌డీఆర్‌తో ఒక్కో చుక్కకు 30 బిట్లు కావాలి. అప్పుడు 4కె 120 హెర్ట్జ్‌కు 40 గిగాబిట్లు అవుతాయి. ప్లేస్టేషన్ 5 పంపగలిగేదే 32. కాబట్టి ప్రతి చుక్కకూ వెలుగును ఉంచి, రంగును మాత్రం పక్కపక్క రెండు చుక్కలకు కలిపి ఒకసారే పంపుతుంది. ఆటలో కంటికి ఆ తేడా ఇంచుమించు తెలియదు.

కొత్త కేబుల్ కొనేటప్పుడు అట్ట మీద 2.1 అని ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. అల్ట్రా హై స్పీడ్ అన్న పేరు, క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికేషన్ లేబుల్ చూడాలి. ఆ కోడ్‌ను హెచ్‌డీఎంఐ సంస్థ యాప్‌తో స్కాన్ చేసి సరిచూసుకోవచ్చు. బంగారు పూత, లావుపాటి అల్లిక చూపించి రంగులు బాగుంటాయని చెప్పే మాట మాత్రం ఉత్తది. బిట్లు సరిగ్గా చేరితే వంద రూపాయల కేబుల్‌కూ పదివేల కేబుల్‌కూ బొమ్మలో తేడా ఉండదు. ఇక ఐదారు మీటర్లు దాటితే రాగితో 48 గిగాబిట్లు అందుకోవడం కష్టం, ఆప్టికల్ రకం తీసుకోవాలి. దానికి దిశ ఉంటుంది. కన్సోల్ వైపు కొస, టీవీ వైపు కొస వేర్వేరు. తిప్పి పెట్టి గోడలో లాగేశాక తెలుసుకుంటే మళ్లీ బయటికి లాగాల్సిందే. పైపు సన్నదైతే ప్లగ్ అందులోంచి పోదు కాబట్టి తల ఊడదీయగలిగే రకం దొరుకుతుందేమో చూడాలి.

ఈ ఖర్చంతా టీవీ తెర నిజంగా 120 హెర్ట్జ్‌ది అయితేనే. 60 హెర్ట్జ్ తెరకు 18 గిగాబిట్లు మోసే కేబుల్ చాలు. గోడలోది ఆ పని మెరుపుల్లేకుండా చేస్తుంటే దాన్ని కదిలించకండి.