మొదటి పేరాలోనే ఉప్పునీళ్లు

అనంతపురంలో సోలార్ వాటర్ హీటర్లు తయారుచేసే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. పది పన్నెండు మంది పనివాళ్లు, ఒక షెడ్డు, ఏడాదికి కొన్ని వందల హీటర్లు. కొత్త మోడల్ వస్తోంది. పేపర్లో పడాలి. యజమాని ఒక సాయంత్రం కూర్చుని ప్రెస్ నోట్ రాశాడు. దాని మొదటి పేరా ఇలా ఉంది:

“సౌరశక్తి రంగంలో అగ్రగామిగా దూసుకుపోతున్న మా సంస్థ, వినియోగదారుల సంతృప్తే ధ్యేయంగా, అత్యాధునిక పరిజ్ఞానంతో రూపొందించిన విప్లవాత్మక సోలార్ వాటర్ హీటర్‌ను సగర్వంగా విడుదల చేస్తున్నామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. దేశంలోనే తొలిసారిగా వస్తున్న ఈ హీటర్‌తో ఏడాదికి 1,500 యూనిట్ల కరెంటు ఆదా. 24 గంటలూ వేడినీళ్లు. ప్రభుత్వ సబ్సిడీ సౌకర్యం కలదు.”

భాష తప్పేమీ లేదు. కానీ పత్రికాఫీసులో ఇది చదివే సబ్ ఎడిటర్‌కి ఇందులో వార్త దొరకదు. సంస్థ పేరు తీసేసి మరో సంస్థ పేరు పెట్టినా, హీటర్ తీసేసి మిక్సీ పెట్టినా మొదటి వాక్యం చెక్కుచెదరదు. అలాంటి నోట్‌కి డెస్క్ నుంచి వచ్చే జవాబు ఒకటే: “యాడ్ ఇవ్వండి, వేస్తాం.”

జిల్లా పేజీ చేసే సబ్ ఎడిటర్ ముందు ప్రతి సాయంత్రం ఇలాంటి నోట్లు గుట్టగా ఉంటాయి. సంస్మరణ సభలు, రక్తదాన శిబిరాలు, షోరూం ప్రారంభాలు. ఏ నోటునైనా ఆయన చూసేది ముందు మొదటి పేరానే. పనికొస్తుందనిపిస్తే పేజీలో మిగిలిన జాగాను బట్టి కింది నుంచి కోసుకుంటూ పైకి వస్తాడు. జాగా బొత్తిగా లేకపోతే మిగిలేది మొదటి పేరా ఒక్కటే. కాబట్టి అది ఒంటరిగా అచ్చయినా పాఠకుడికి విషయం మొత్తం అందాలి. ఏమొచ్చింది, ఎవరు తెచ్చారు, ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు, దానివల్ల ఒరిగేదేమిటి: ఇవన్నీ నలభై, యాభై మాటల్లో ఇమడాలి.

ఇన్నిటిలో ముందు దేన్ని పెట్టాలి? యజమానులు సాధారణంగా సంస్థ పేరుతో మొదలుపెడతారు. పేరున్న పెద్ద కంపెనీకి అది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ పేరే వార్త. ఊళ్లో ఇంకా ఎవరికీ తెలియని సంస్థకు పేరు రెండో వరసలో ఉన్నా నష్టం లేదు. ముందు రావాల్సింది, ఈ హీటర్ ఇంతకుముందున్న వాటికంటే ఎందులో వేరన్న సంగతి. దాన్ని రాబట్టాలంటే యజమానిని “మీ పాత మోడల్ కొన్నవాళ్లు దేని గురించి ఫోన్ చేస్తుంటారు?” అని అడిగితే చాలు.

అనంతపురంలో ఆ జవాబు ఊహించడం కష్టం కాదు: ఉప్పునీళ్లు. మిద్దె మీద పెట్టే ఫ్లాట్ ప్లేట్ హీటర్‌లో గాజు పలక కింద నల్లటి రేకు, దానికి అంటుకుని సన్నటి రాగి గొట్టాలు ఉంటాయి. ఎండకు గొట్టాల్లోని నీళ్లు వేడెక్కి తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు అడుగునున్న చల్లనీళ్లు కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు, ఎండ ఉన్నంతసేపూ ఈ తిరుగుడు దానంతటదే సాగుతుంది. అయితే బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడి తగిలేసరికి విడిపోయి గొట్టాల లోపలి గోడలకు తెల్లగా పేరుకుంటుంది. వేడినీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లపొర కూడా ఇదే. గొట్టం అసలే సన్నం, పొర మందమయ్యేకొద్దీ నీళ్ల తిరుగుడు మందగిస్తుంది. మిట్టమధ్యాహ్నం గాజు పలక చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా ట్యాంకులో నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయంటే, గొట్టాలు పూడుకుపోయాయేమోనని ముందుగా అనుమానించాలి.

కొత్త మోడల్‌లో ఈ సంస్థ చేసిన మార్పు ఇది: బోరు నీళ్లను గొట్టాల్లోకి అసలు పోనివ్వదు. గొట్టాల్లో విడిగా మంచినీళ్లు నింపి మూసేస్తారు. అవి ఎండకు కాగి ట్యాంకు చుట్టూ ఉన్న పొరలోకి వెళ్లి, లోపలి బోరు నీళ్లకు వేడినిచ్చి తిరిగి కిందికి వస్తాయి. దీన్ని హీట్ ఎక్స్ఛేంజర్ అంటారు. వేడి ఒక గోడ దాటాలి కాబట్టి నీళ్లు కాస్త నిదానంగా కాగుతాయి. ట్యాంకు లోపల సున్నం కొంత పేరుకుంటుంది కానీ, అక్కడ శుభ్రం చేసుకోవచ్చు. వార్త ఇదీ. యజమాని రాసిన పేరాలో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. పైగా ఈ ఏర్పాటు ఉన్న హీటర్లు మార్కెట్లో ఇదివరకే ఉన్నాయి కాబట్టి “దేశంలోనే తొలిసారిగా” అన్న మాటను ముందుగా కొట్టేయాలి.

తర్వాత అంకెల సంగతి. 1,500 యూనిట్లన్నది ఎక్కడో బ్రోషర్ నుంచి తెచ్చి పెట్టింది. అచ్చుకు వెళ్లేముందు దాన్ని కాగితం మీద ఓసారి లెక్క వేయాలి. లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలో కేలరీ కావాలి. వంద లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే వంద ఇంటూ 35, అంటే 3,500 కిలో కేలరీలు. కరెంటు యూనిట్ ఒకటి 860 కిలో కేలరీలతో సమానం. భాగిస్తే నాలుగు యూనిట్ల పైచిలుకు వస్తుంది. ఎండ బాగా కాసిన రోజున, ఆ వంద లీటర్లూ వాడుకుంటే మిగిలేది అంతే. రోజుకు నాలుగు చొప్పున 1,500 యూనిట్లు కావాలంటే ఏడాదికి 375 రోజులు ఎండ కాయాలి! గీజరులో వృథా పోయే వేడిని కలుపుకున్నా, వానాకాలమే లేని ఏడాది కావాలి.

300 రోజులు వాడితే 1,200 యూనిట్లు. కానీ మే నెలలో అనంతపురంలో వేడినీళ్ల స్నానం ఎవరు చేస్తారు? ఆరు నెలల్లో 150 ఎండ రోజులు వాడే ఇంటికి ఆదా 600 యూనిట్లే. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే మొదటి ఇంటికి ఏడాదికి రూ.7,200, రెండో ఇంటికి రూ.3,600. హీటర్ ధర రూ.28,000 అనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఒకరికి నాలుగేళ్లు, ఇంకొకరికి ఎనిమిదేళ్లు. ఇంత తేడా ఉన్నప్పుడు ఆదా అంకెను మొదటి పేరాలో ఒక్క ముక్కలో చెప్పేస్తే అది సగం మంది విషయంలో అబద్ధమవుతుంది. దాన్ని ఈ లెక్కతో సహా మూడో పేరాకు పంపడం మేలు.

మొదటి పేరాకు మరో అంకె ఉంది. 60 డిగ్రీల నీళ్లను చల్లనీళ్లతో కలిపి ఒంటికి హితవైన 40 డిగ్రీలకు తెస్తే, వంద లీటర్లు 230 లీటర్ల పైనే అవుతాయి. రాత్రి చల్లారేది తీసేసినా ఇరవై లీటర్ల బక్కెట్లు దాదాపు పది. నలుగురున్న ఇంటికి సరిపోతుందని ధైర్యంగా రాయొచ్చు. పాఠకుడు తన ఇంటికి అన్వయించుకోగల లెక్క కూడా ఇదే.

మిగిలిన రెండు మాటలు ఇంకా ప్రమాదం. “24 గంటలూ వేడినీళ్లు” అన్నది ముసురు పట్టిన మూడోరోజున తేలిపోతుంది. అలాంటప్పుడు ఆదుకునేది ట్యాంకులో బిగించే కరెంటు కాయిల్. అది ఉందో లేదో చెప్పాలి కానీ ఎండ మీద హామీ ఇవ్వకూడదు. “సబ్సిడీ” మరీ చిక్కు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం మిద్దె మీద కరెంటు తయారుచేసే సోలార్ ప్యానెళ్లకు వర్తిస్తుంది, నీళ్లు కాచే హీటర్లకు కాదు. రెండూ సోలారే కావడంతో కొనేవాళ్లతో పాటు అమ్మేవాళ్లు కూడా పొరబడుతుంటారు. పేపర్లో చదివి షాపుకొచ్చిన మనిషికి అక్కడ లేదని తెలిస్తే ఆ సంస్థను ఇక నమ్మడు. వినియోగదారుల రక్షణ చట్టం–2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనలకు తొలిసారి పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఐఎస్ఐ ముద్ర సంగతీ అంతే. లైసెన్సు చేతికి వచ్చాకే దాన్ని రాయాలి.

ఇవన్నీ ఏరేశాక మిగిలిన సరుకుతో మొదటి పేరా ఇలా వస్తుంది. సంస్థ పేరు స్థానంలో ఫలానా అని పెట్టాను:

“అనంతపురం, నవంబరు 3: ఉప్పునీళ్లకు గొట్టాలు పూడుకుపోని సోలార్ వాటర్ హీటర్‌ను అనంతపురానికి చెందిన ఫలానా సంస్థ సోమవారం మార్కెట్లోకి తెచ్చింది. బోరు నీళ్లు గొట్టాల్లోకి వెళ్లకుండా ట్యాంకులోనే వేడెక్కడం దీని ప్రత్యేకత. నలుగురున్న ఇంటికి సరిపోయే 100 లీటర్ల మోడల్ ధర జీఎస్టీతో కలిపి రూ.28,000. బిగింపు, పైపుల ఖర్చు అదనం.”

దాదాపు నలభై మాటలు. “మేము”, “మా” లేవు, ఎందుకంటే విలేకరి రాసినట్టున్న పేరాను డెస్క్ దిద్దకుండా వాడుకోగలదు. విశేషణాలు లేవు. హీట్ ఎక్స్ఛేంజర్ అన్న పేరు కూడా లేదు, అది చేసే పని మాత్రం ఉంది. ధర పక్కనే అదనపు ఖర్చు చెప్పడంతో రేపు షాపులో వాదన ఉండదు. తేదీ కూడా ఆలోచించి పెట్టిందే. చలి మొదలయ్యే ముందు వేడినీళ్ల సంగతి పేజీలో సులువుగా చోటు సంపాదిస్తుంది, ఏప్రిల్లో అదే నోట్‌ను ఎవరూ పట్టించుకోరు.

కింది పేరాల పని తేలిక. రెండో దాంట్లో గొట్టాల సంగతి వివరంగా. మూడో దాంట్లో ఆదా లెక్క, ముసురు రోజుల్లో కాయిల్ వాడాల్సి రావడం, ట్యాంకు శుభ్రం చేయించుకోవాల్సి రావడం. నాలుగో దాంట్లో యజమాని మాట ఒకటి, గ్యారంటీ, ఎక్కడ దొరుకుతుంది, విలేకరి పిలిస్తే ఎత్తే ఫోన్ నంబరు.

పంపేముందు ఒక పరీక్ష చేయొచ్చు. ఈ సంస్థతో సంబంధం లేని, బోరు నీళ్లు వాడే ఇంటావిడ ఒకరికి మొదటి పేరా మాత్రమే చదివి వినిపించాలి. ఆమె “ఎంత? ఎవరిది? మా ఇంటికి సరిపోతుందా?” అని అడిగితే ఆ జవాబులు పేరాలో లేనట్టే, మళ్లీ రాయాలి. “ఇప్పుడున్న మా పాత హీటర్‌కి ఆ ఏర్పాటు బిగిస్తారా?” అని అడిగితే మాత్రం నోట్ సిద్ధమైనట్టే. విలేకరి కూడా ఫోన్లో అడిగేది అదే. దానికి జవాబు ముందే ఆలోచించి పెట్టుకోవాలి.