మీరెలా అంటే అలాగే మేడమ్

కొత్త థెరపిస్టులకు తెగ నచ్చే పేషెంట్ ఒకడుంటాడు. టైముకి వస్తాడు, హోంవర్క్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొస్తాడు, ఏం అడిగినా "మీరెలా అంటే అలాగే మేడమ్" అంటాడు. పది వారాలైనా బతుకులో ఏదీ మారదు. స్కీమా థెరపీ నేర్చుకునేవాళ్లకు నేను ఇతనితోనే పాఠం మొదలుపెడతాను. ఇతను ఏ ఒక్కరో కాదు, నలుగురైదుగురిని కలిపి అల్లిన మనిషి.

31 ఏళ్లు, బ్యాంకు క్యాషియర్. ప్రమోషన్ వస్తే ఊరు మారాలి, మీటింగుల్లో మాట్లాడాలి. అందుకని పరీక్షే రాయడు. చొక్కా కొనాలన్నా అన్నయ్యకు ఫోను. చిన్నప్పుడు చుట్టాల ముందు పద్యం మధ్యలో మరిచిపోతే తండ్రి నవ్వి, "వీడి వల్ల ఏదీ కాదు" అన్నాడు. పదో తరగతి దాకా పుస్తకాల సంచి అమ్మే సర్దింది. మనుషుల్ని తప్పించుకోవడం ఒక దారిలో, ఆధారపడటం మరో దారిలో వచ్చాయి.

అమెరికన్ సైకాలజిస్టు జెఫ్రీ యంగ్ రూపొందించిన ఈ చికిత్సలో 'మోడ్' అంటే ఆ క్షణాన మనిషిని నడుపుతున్న మనఃస్థితి. కాగితం మధ్యలో సిగ్గుతో, భయంతో ముడుచుకున్న పిల్లవాణ్ని గీస్తాం. పైన, "నీ వల్ల కాదు" అనే పెద్దల గొంతు. పిల్లవాడి చుట్టూ కాపలాదారులు ఇద్దరు: ఒకడు తప్పుకుంటాడు, ఇంకొకడు తలూపుతాడు. ఓ మూల చిన్న వృత్తంలో ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి. రోజూ లక్షల రూపాయలు లెక్క తప్పకుండా అప్పజెప్పేది అతనే. మన ముందు కూర్చుని "సరే మేడమ్" అంటున్నది ఆ తలూపే కాపలాదారు. దాన్ని సహకారం అనుకోవడమే ట్రైనీలు తరచూ చేసే పొరపాటు. గుర్తుపట్టడం కష్టమేం కాదు: మాట ఒప్పుకుంటాడు గాని ముఖంలో ఏ భావమూ ఉండదు, ఎప్పుడూ విసుక్కోడు.

లిమిటెడ్ రీపేరెంటింగ్ అంటే చిన్నప్పుడు దొరకనిదాన్ని వృత్తి హద్దుల్లో ఉంటూ కొంతవరకు అందించడం. సిగ్గుపడ్డ పిల్లవాడికి కావలసింది అండ. కళ్లు మూసుకుని ఆ పద్యం రోజును తలచుకున్నప్పుడు, థెరపిస్టు ఆ దృశ్యంలోకి వెళ్లి తండ్రితో "ఇక ఆపండి" అంటుంది. ఆధారపడే పిల్లవాడి సంగతి వేరు. అతనికి దొరకనిది సొంతంగా చేసే అవకాశం. "పరీక్షకు అప్లై చెయ్యమంటారా?" అని మెసేజ్ పెడితే, చెయ్యమని చెప్పిన థెరపిస్టు మళ్లీ సంచి సర్దినట్టే. అలాగని విదిలించుకోకూడదు. "ఫారం ఇక్కడికి తెచ్చుకో, నువ్వు నింపు, నేను పక్కనే ఉంటా" అనాలి. అడిగిందల్లా చేసిపెట్టే అలవాటున్న ట్రైనీలకు ఇది ప్రాణసంకటం. సూపర్‌విజన్‌లో సగం దీని గురించే.

తొందర పనికిరాదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2014లో వెలువడిన ప్రధాన అధ్యయనంలో 50 సెషన్లు ఇచ్చారు. మన క్యాషియర్ విషయంలో మొదటి కదలిక పద్నాలుగో సెషన్‌లో వచ్చింది. మ్యాప్ చూస్తూ కాసేపు నసిగి, "ఇది తప్పండి. ఆ గొంతు నాన్నదొక్కటే కాదు, అమ్మది కూడా" అన్నాడు. ట్రైనీ పెన్సిల్ అతని చేతికిచ్చింది.