వెయ్యి క్లిక్కులు, ఇరవై రెండు పనులు

మే నెల మొదట్లో విజయవాడలో అక్కావాళ్లింటికి వెళ్లేసరికి బావగారు లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. ఆయనకి ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు ఉంది. ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. ఏప్రిల్‌లో తెలిసినాయన ఒకరు చెబితే గూగుల్‌లో యాడ్ పెట్టించారు. జీఎస్టీ కాక రోజుకి 600 రూపాయలు, నెలకి 18,000. యాడ్ పెట్టినాయన నెలాఖరుకి వాట్సాప్‌లో రిపోర్టు పంపాడు. వెయ్యి క్లిక్కులు వచ్చాయనీ, ఒక్కోటి సగటున 18 రూపాయలకే పడిందనీ అందులో ఉంది.

"వెయ్యిమంది నొక్కారంటున్నాడయ్యా. మనం చేసిన పనులు ఇరవై రెండు. మిగతావాళ్లంతా ఏమైనట్టు?" అన్నారు బావగారు.

సామాను, కూలీ, పెట్రోలు పోను ఒక్కో పని మీద ఆయనకి మిగిలేది సుమారు 700 రూపాయలు. ఇరవై రెండు పనులకి 15,400. యాడ్‌కి పోయింది 18,000. ఊరంతా ఏసీల కోసం ఎగబడే నెలలో, యాడ్ మీద వచ్చిన పనులన్నీ చేసి కూడా 2,600 చేతి నుంచి పెట్టుకున్నట్టయింది. ఆయన వేసిన ప్రశ్నకి జవాబు ఆ ఖాతాలోనే ఉంది. ఆ రాత్రి ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని వెతికాం.

ఈ పద్ధతిలో యాడ్ కనిపించినందుకు డబ్బు పోదు, ఎవరైనా నొక్కితేనే పోతుంది. ఏ మాటలు వెతికినవాళ్లకి మన యాడ్ చూపించాలో మనం ముందే రాసిస్తాం. వాటిని కీవర్డ్‌లు అంటారు. ఒక్క క్లిక్కుకి గరిష్ఠంగా ఎంత ఇవ్వగలమో చెప్పేది బిడ్. ఎవరో ఫోన్ తీసి వెతికిన ప్రతిసారీ, ఆ క్షణంలోనే, పోటీలో ఉన్న షాపుల మధ్య చిన్న వేలంపాట జరిగి ఎవరి యాడ్ పైన ఉండాలో తేలిపోతుంది.

ఇక్కడే చాలామంది ఒక తేడా గమనించరు. మనం రాసిచ్చిన కీవర్డ్ వేరు, అవతలి మనిషి నిజంగా టైపు చేసిన మాట వేరు. బావగారి ఖాతాలో ఉన్న కీవర్డ్‌లు రెండే, `ac repair`, `fridge repair`. రెండూ బ్రాడ్ మ్యాచ్‌లో ఉన్నాయి. ఏ గుర్తూ పెట్టకుండా కీవర్డ్ రాస్తే గూగుల్ దాన్ని బ్రాడ్‌గానే తీసుకుంటుంది. అంటే ఆ మాటలకి సంబంధం ఉందని తనకి తోచిన ప్రతి వెతుకులాటకీ యాడ్ చూపిస్తుంది. కొటేషన్ గుర్తులు పెడితే ఆ అర్థం ఇమిడి ఉన్న మాటలకే పరిమితమవుతుంది. చదరపు బ్రాకెట్లు పెడితే అదే అర్థం, అదే ఉద్దేశం ఉన్నవాటికి మాత్రమే.

```
ac repair
"ac repair"
[ac repair vijayawada]
```

జనం నిజంగా టైపు చేసిన మాటల జాబితా ఖాతాలోనే ఉంటుంది. దాని పేరు సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్. తక్కువ మంది వెతికిన మాటల్ని గూగుల్ ఇందులో విడిగా చూపించదు కాబట్టి జాబితా పూర్తిగా దొరకదు, కానీ దొరికినంతే బోలెడంత చెబుతుంది. దాన్ని ఖర్చు ఎక్కువైనవి పైకి వచ్చేలా పేర్చి, ఒక్కో వరుసా బావగారికి చదివి వినిపించాను.

పెద్ద పెద్ద ఏసీ కంపెనీల కస్టమర్ కేర్ నంబర్ల కోసం వెతికినవాళ్లు 170 మంది నొక్కారు, 3,400 రూపాయలు. `car ac repair` లాంటివి 130 క్లిక్కులు, 2,600. ఏసీ రిపేరు కోర్సులు, ట్రైనింగ్, ఉద్యోగాలు 140 క్లిక్కులు, 2,100. రిమోట్ పనిచేయడం లేదు, ఏసీ మీద ఈ నంబరు పడుతోంది దేనికి, ఇంట్లో మనమే శుభ్రం చేసుకోవడం ఎలా అని అడిగినవాళ్లు 120 మంది, 1,440. మొత్తం కూడితే 560 క్లిక్కులు, 9,540 రూపాయలు. సగానికి పైగా సొమ్ము, బావగారి షాపు ఏనాటికీ చేయని పనుల కోసం వచ్చినవాళ్ల మీద ఖర్చయిపోయింది.

"రోజుకి అయిదారుగురు కంపెనీవాళ్లేనా అని అడిగి పెట్టేస్తున్నారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నారాయన. ఇలాంటి కాల్స్‌కి అవునని చెప్పి ఇంటికి వెళ్లిపోయే షాపులు కొన్ని ఉన్నాయి. వారంటీ ఉన్న మనిషి దగ్గర డబ్బు తీసుకోవడం మోసమే. బావగారు ఆ పని చేయరు, అందుకే ఆ 3,400కి ఆయనకి మిగిలింది ఏమీ లేదు.

క్లిక్కులు అంత చవగ్గా ఎందుకు పడ్డాయో కూడా అప్పుడే తెలిసింది. ఖాతాలో బిడ్డింగ్ పద్ధతిగా ఎంచుకున్నది, ఉన్న డబ్బుకి వీలైనన్ని ఎక్కువ క్లిక్కులు తెమ్మనేది. ఆ యంత్రం చెప్పిన పని చెప్పినట్టే చేసింది. ఏసీ ఆగిపోయి చెమటలు కక్కుతున్న ఇంటివాళ్ల కోసం షాపులన్నీ పోటీపడతాయి, ఆ క్లిక్కు ఖరీదెక్కువ. ఊరికే తెలుసుకుందామని వెతికేవాళ్ల కోసం పోటీ తక్కువ, వాళ్ల క్లిక్కు చవక. క్లిక్కుల సంఖ్యే గొప్పగా చూపించే రిపోర్టును నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

చెత్తను ఆపడానికి నెగటివ్ కీవర్డ్‌లు ఉన్నాయి. వెతికిన మాటల్లో ఇవి ఉంటే నా యాడ్ చూపించవద్దని ముందే చెప్పడం. `car`, `course`, `training`, `salary`, `remote`, `"customer care"` అన్నీ చేర్చాం. ఇందులో ఒక కిటుకుంది. మామూలు కీవర్డ్‌కి గూగుల్ ఏకవచనం, బహువచనం, అదే అర్థమున్న వేరే మాట అన్నీ తానే కలుపుకుంటుంది. నెగటివ్‌కి అలా కలపదు. `jobs` అని ఒక్కటే రాస్తే `job` అని వెతికినవాడికి యాడ్ కనిపిస్తూనే ఉంటుంది. రెండూ రాయాలి. తెలుగు లిపిలో "ఏసీ రిపేర్ కోర్సు" అనీ, ఇంగ్లిష్ అక్షరాల్లో `ac repair nerchukovadam` అనీ వెతికేవాళ్లున్నారు. వాటినీ విడిగా చేర్చాలి.

ఉత్సాహం ఎక్కువైతే ఇంకో నష్టం. `price` అనే మాట చూసి బావగారు దాన్నీ తీసేద్దామన్నారు, ధర అడిగేవాళ్లంతా బేరగాళ్లేనని ఆయన అనుభవం. నేను వద్దన్నాను. గ్యాస్ నింపడానికి ఎంతవుతుందని వెతికే మనిషి ఇంట్లో ఏసీ చల్లబడటం లేదనేగా అర్థం. ఆ 22 పనుల్లో అలా వచ్చినవి కొన్ని ఉన్నాయని ఫోన్ నంబర్లు పోల్చి చూశాక ఆయనా ఒప్పుకున్నారు.

ఊరి సంగతీ అంతే. విజయవాడ అని ఎంచుకున్నా, ఆ ఊళ్లో ఉన్నవాళ్లతోపాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకి కూడా చూపించమనే ఏర్పాటు మొదటి నుంచీ ఉంటుంది. ఊళ్లో ఉన్నవాళ్లకే అని మార్చుకోమని అందరూ సలహా ఇస్తారు. బావగారి దగ్గరికి మాత్రం హైదరాబాద్ నుంచి, డల్లాస్ నుంచి కూడా ఫోన్లు వస్తాయి. ఇక్కడ ఉంటున్న అమ్మానాన్నల ఏసీ బాగుచేయించమని. అందుకని దాన్ని కదపలేదు.

ఇక బిడ్ ఎంత ఉండాలి? దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. వెయ్యి క్లిక్కులకి 22 పనులంటే వందకి రెండు చిల్లర. వంద క్లిక్కుల మీద మిగిలేది 1,540 రూపాయలు, అంటే ఒక క్లిక్కు విలువ 15 రూపాయల 40 పైసలు. దానికి ఆయన ఇచ్చింది 18. పనికిరాని 560 తీసేసి చూస్తే మిగిలిన 440 క్లిక్కులకి అవే 22 పనులు, వందకి అయిదు. అప్పుడు ఒక క్లిక్కు విలువ 35 రూపాయలు. అదే షాపు, అదే యాడ్. నెల క్రితం 18 కూడా దండగైన చోట 25 వరకూ ధైర్యంగా పాడుకోవచ్చు. చెత్త తీయకుండా బిడ్ తగ్గిస్తే ముందు పోయేది మంచి క్లిక్కులే, ఎందుకంటే పోటీ ఉన్నది వాటి దగ్గరే.

పాట పెంచినంత మాత్రాన పైకి వస్తామన్న హామీ లేదు. 1998లో గోటూ డాట్ కామ్ ఈ క్లిక్కుల వేలం మొదలుపెట్టినప్పుడు ఎక్కువ పాడినవాడే పైన ఉండేవాడు. 2002లో గూగుల్ క్లిక్కుల వేలానికి మారుతూ లెక్క మార్చింది. ఎవరూ నొక్కని యాడ్‌కి ఎంత పెద్ద బిడ్ ఉన్నా గూగుల్‌కి పైసా రాదు. ఎదుటి షాపు 30 రూపాయలు పాడింది, వందమందికి చూపిస్తే నలుగురు నొక్కుతారు, గూగుల్‌కి 120 వస్తుంది. బావగారు పాడింది 20, వందకి ఎనిమిది మంది నొక్కుతారు, 160. కాబట్టి బావగారే పైన. కట్టేది కూడా 20 కాదు. కింద ఉన్నవాడి 120ని దాటడానికి ఎంత కావాలో అంతే, అంటే 120ని ఎనిమిదితో భాగిస్తే వచ్చే 15 రూపాయలు, దాని మీద కొద్దిగా. అసలు లెక్కలో ఇంకా చాలా అంశాలు కలుస్తాయి కానీ ఎముకల గూడు ఇదే.

ఈ నాణ్యతని మనకి తెలియజేయడానికి ఖాతాలో ఒకటి నుంచి పది దాకా క్వాలిటీ స్కోర్ చూపిస్తారు. నొక్కే అవకాశం ఎంత, వెతికిన మాటకీ యాడ్‌కీ పొంతన ఎంత, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉంది అని మూడు చూస్తారు. వేలంలో వాడేది సరిగ్గా ఈ అంకెనే కాదు, ప్రతి వెతుకులాటకీ అప్పటికప్పుడు వేసే అంచనాని. స్కోర్ థర్మామీటర్ లాంటిది, జ్వరం ఉందో లేదో చెబుతుంది. బావగారి `fridge repair`కి మూడు ఉంది. కారణం వెతకనక్కర్లేకపోయింది. ఏసీకీ ఫ్రిజ్‌కీ కలిపి "గృహోపకరణాల సర్వీస్" అని ఒకే యాడ్, నొక్కితే షాపు ప్రారంభోత్సవం ఫొటోలున్న పేజీ. ఫోన్ నంబర్ కోసం కింది దాకా జరుపుకుంటూ వెళ్లాలి. రెంటినీ విడదీసి, ఫ్రిజ్ వెతికినవాళ్లకి ఫ్రిజ్ యాడ్ రాసి, పేజీలో మొదటే నంబరూ, ఇంటికొచ్చి చూడటానికి ఎంత తీసుకుంటారో పెట్టాం. కొన్ని వారాలకి ఆ మూడు ఏడయింది.

మే నెల లెక్క జూన్‌లో ఫోన్లో చెప్పారు. క్లిక్కులు 600కి పడిపోయాయి, ఖర్చు 12,000, సగటున ఒక్కోటి 20. పనులు ఇరవై ఎనిమిది. వాటి మీద మిగిలింది 19,600.

ఇప్పుడు సోమవారం పొద్దున షాపు తెరవగానే ఆ జాబితా తనే చూసుకుంటున్నారు. కొత్త చెత్త ప్రతివారం పుట్టుకొస్తూనే ఉంటుంది. కిందటి వారం `second hand ac` కనిపిస్తే, నెగటివ్‌లో వేసేయండి బావగారూ అన్నాను.

"ఆగవయ్యా," అన్నారు. "వెనక గదిలో బాగుచేసి పెట్టిన ఏసీలు రెండున్నాయి. అవి అమ్ముడయ్యాక వేద్దాం."