రిక్రూటర్‌కు ఎలా రాయాలి?

ఫార్మా ఉద్యోగాల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పడిందంటే చాలు, దాని కింద ఉన్న నంబరుకు మెసేజీల వరద మొదలవుతుంది. వాటిలో చాలావరకు ఇలా ఉంటాయి: "హాయ్ సర్, గుడ్ మార్నింగ్. నాకు ఫార్మాలో త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ ఉంది. ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి సర్ ప్లీజ్. చాలా అర్జెంట్." దాని వెంట ఒక ఫైలు, పేరు resume_final2.pdf. ఇందులో మర్యాదకు లోటేమీ లేదు. అయినా జవాబు రాదు.

ఎందుకు రాదో తెలియాలంటే రిక్రూటర్ ముందున్న ఎక్సెల్ షీటు గురించి తెలియాలి. చాలాచోట్ల దాన్ని ట్రాకర్ అంటారు. అందులో అభ్యర్థి పేరు, చదువు, మొత్తం అనుభవం, ఆ పోస్టుకు పనికొచ్చే అనుభవం, ఇప్పటి జీతం, ఆశిస్తున్న జీతం, నోటీసు పీరియడ్, ఉంటున్న ఊరు అని గళ్లుంటాయి. ఆ గళ్లు నింపి కంపెనీలో సంబంధిత మేనేజరుకు పంపడమే రిక్రూటర్ పని. పై మెసేజీతో "మూడేళ్లు" అన్న ఒక్క గడి నిండుతుంది. మిగతావన్నీ అడిగి తెలుసుకోవాలి, లేదా రెజ్యూమె తెరిచి వెతుక్కోవాలి. చేతిలో పదిమంది వివరాలు సిద్ధంగా ఉన్న రోజున ఆ శ్రమ ఎవరూ పడరు.

ఇప్పుడు ఆ మెసేజీని తిరగరాద్దాం. రాసింది మహేశ్ అనే కుర్రాడనుకుందాం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, మాత్రలు తయారుచేసే కంపెనీ క్యూసీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాడు. ప్రకటన ఇచ్చినవారి పేరు స్వాతి.

ముందుగా పిలుపు మారాలి. ప్రకటన కింద పేరు స్పష్టంగా ఉన్నా "సర్" అని రాసేవారు ఎక్కువ. దాంతో ప్రకటన సరిగ్గా చదవలేదని మొదటి మాటలోనే తెలిసిపోతుంది. తర్వాత "ఏమైనా ఓపెనింగ్స్" అన్న ప్రశ్న పోవాలి. రిక్రూటర్ వెతుకుతున్నది ఏదో ఒక పోస్టుకు మనిషిని. మనం అడగాల్సిందీ ఆ పోస్టు గురించే. "ఫార్మాలో అనుభవం" అన్నదీ చాలదు. మందులోని మూలపదార్థం తయారుచేసే ఏపీఐ యూనిట్టా, మాత్రలు చేసే ఫార్ములేషన్ యూనిట్టా, ఇంజెక్షన్లదా అన్నది ఈ రంగంలో తొలి ప్రశ్న. ఒకదానిలో చేసినవారిని మరొకదానికి తీసుకోవడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. ఇక "అర్జెంట్" అన్న మాట. అవసరం మహేశ్‌ది, ఆ మాట వల్ల రిక్రూటర్‌కు తెలిసేదేమీ లేదు. దాని బదులు ఎన్ని రోజుల్లో చేరగలడో రాస్తే పనికొస్తుంది.

ఇవన్నీ సరిచేస్తే మెసేజీ ఇలా తయారవుతుంది:

"నమస్కారం స్వాతి గారూ. పాశమైలారం యూనిట్‌కు క్యూసీ అనలిస్ట్ కావాలన్న మీ ప్రకటన చూసి రాస్తున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. మాత్రల ఫార్ములేషన్ యూనిట్ క్యూసీలో 3 ఏళ్ల అనుభవం ఉంది. హెచ్‌పీఎల్‌సీ మీద అస్సే, డిసొల్యూషన్ పరీక్షలు సొంతంగా చేస్తాను. ఉండేది పటాన్‌చెరులో, నోటీసు 30 రోజులు. రెజ్యూమె జతచేశాను. ఈ పోస్టుకు నా ప్రొఫైల్ సరిపోతుందేమో చెప్పగలరా? – మహేశ్"

ఫైలు పేరు Mahesh_QC_Formulation_3Years.pdf అయితే, పది రెజ్యూమెల మధ్య కూడా తెరవకుండానే ఎవరిదో తెలుస్తుంది. ఈ మెయిల్ పంపేటప్పుడు సబ్జెక్టు లైనులోనూ పోస్టు పేరు, అనుభవం, నోటీసు రాయాలి. ప్రకటనలో జాబ్ ఐడీ ఉంటే అదీ చేర్చాలి. జీతం సంగతి మాత్రం ప్రకటనలో అడిగితేనే మొదటి మెసేజీలో రాయడం మేలు. అడగకముందే చెప్పిన అంకె తర్వాత బేరానికి అడ్డొస్తుంది.

ఇక్కడ ఒక హద్దు ఉంది. తిరగరాయడమంటే ఉన్నదాన్ని స్పష్టంగా చెప్పడమే, లేనిదాన్ని చేర్చడం కాదు. మహేశ్ శాంపిల్ తయారుచేసి ఇస్తే యంత్రం మీద సీనియర్ నడుపుతున్నాడనుకోండి, అప్పుడు "సొంతంగా" అన్న మాట రాయకూడదు. ఇంటర్వ్యూలో సిస్టమ్ సూటబిలిటీ గురించి రెండు ప్రశ్నలు అడిగితే నిజం బయటపడుతుంది. "శాంపిల్ ప్రిపరేషన్ చేస్తాను, హెచ్‌పీఎల్‌సీ శిక్షణలో ఉన్నాను" అని రాస్తే, ఆ స్థాయికి తగిన పోస్టుకైనా పిలుస్తారు.

ఎక్కువమంది తడబడేది ఆ తర్వాత దశలో. జవాబు రాకపోతే మర్నాడు "సర్" అని, ఆ మర్నాడు రెండు ప్రశ్నార్థకాలు, ఆపైన "ఎనీ అప్‌డేట్ సర్" అని పంపుతారు. వీటిలో దేనిలోనూ ఎవరు, ఏ పోస్టు అన్నది ఉండదు. రిక్రూటర్ పైకి స్క్రోల్ చేసి చూసుకోవాలి. అందుకే ఐదారు పనిదినాలు ఆగి, అదే సంభాషణలో, చదివితే అర్థమయ్యేలా ఒక్కసారి రాయాలి:

"స్వాతి గారూ, గత మంగళవారం పాశమైలారం క్యూసీ అనలిస్ట్ పోస్టుకు రెజ్యూమె పంపాను. అప్పుడు రాయని విషయం ఒకటుంది: స్టెబిలిటీ శాంపిళ్ల పరీక్షలు కూడా ఏడాదిగా నేనే చూస్తున్నాను. పోస్టు ఇంకా ఖాళీగా ఉంటే పరిశీలించగలరు. భర్తీ అయిపోతే ఆ మాట చెప్పినా చాలు."

గుర్తు చేయడంతో పాటు ఇందులో కొత్త సమాచారం ఒకటుంది. చివరి వాక్యం వల్ల, లేదని చెప్పడం కూడా రిక్రూటర్‌కు తేలికవుతుంది. దీనికీ జవాబు రాకపోతే మరో వారం తర్వాత ఇంకొక్కసారి రాసి, ఆ పోస్టు సంగతి వదిలేయాలి.

ఇంటర్వ్యూ అయ్యాక లెక్క వేరు. ఆ రోజో మర్నాడో రెండు వాక్యాల్లో కృతజ్ఞతలు రాస్తే చాలు. "శుక్రవారంలోగా చెబుతాం" అన్నారంటే గురువారం అడగకూడదు. సోమవారం మధ్యాహ్నం అడగడంలో తప్పు లేదు. "15న ఇంటర్వ్యూకు హాజరయ్యాను, శుక్రవారానికి తెలుస్తుందన్నారు, ఫలితం వచ్చిందా?" అని రాస్తే వారి మాటనే మర్యాదగా గుర్తు చేసినట్టవుతుంది. వేరే ఆఫర్ చేతిలో ఉంటే దానికి జవాబివ్వాల్సిన తేదీతో సహా చెప్పవచ్చు, కానీ నిజంగా ఉంటేనే. ఆఫర్ లెటర్ చూపించమని అడిగితే బొంకు అక్కడే ఆగిపోతుంది.

కన్సల్టెన్సీల ద్వారా వెళ్లేవారికి మరో జాగ్రత్త అవసరం. ఒకే కంపెనీకి ఇద్దరు కన్సల్టెంట్లు ఒకే రెజ్యూమె పంపితే, ఎవరు ముందు పంపారన్న వివాదంలో అభ్యర్థినే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. కాబట్టి "నా రెజ్యూమె ఏ కంపెనీకి పంపుతున్నారో ముందుగా చెప్పండి, నేను సరేనన్నాక పంపండి" అని రాతలోనే అడగాలి. ఇలా అడగడం మొరటుతనం కాదు, నిజమైన కన్సల్టెంట్‌కు ఇది మామూలే.

మన మెసేజీ బాగుందో లేదో తెలుసుకునే దారి ఒకటుంది. రిక్రూటర్ తిరిగి అడిగే ప్రశ్నలు చూసుకోండి. "నోటీసు ఎంత?", "ఏపీఐనా, ఫార్ములేషనా?" అని అడుగుతున్నారంటే ఆ సమాధానాలు మీ మెసేజీలో లేవన్నమాట. వాటిని తర్వాతి మెసేజీలో ముందే రాయండి. "మా పోస్టుకు ఐదేళ్ల అనుభవం కావాలి" అన్న జవాబొస్తే మాత్రం మెసేజీని తప్పుపట్టనక్కర్లేదు. అది తన పని చేసింది, పోస్టే సరిపోలేదు. దాన్ని మళ్లీ మళ్లీ దిద్దుతూ కూర్చోకుండా, మీ అనుభవానికి తగిన ప్రకటన వెతుక్కోండి.