వాలిన దీర్ఘవృత్తానికి అసలు అక్షాలు ఎక్కడ?

5x² + 4xy + 2y² = 6 అనే సమీకరణాన్ని గ్రాఫు కాగితం మీద గీస్తే ఓ దీర్ఘవృత్తం వస్తుంది. అయితే అది ఇంటర్ పుస్తకంలో ఉన్నట్టు నిటారుగానో అడ్డంగానో ఉండదు, ఓ పక్కకు వాలి ఉంటుంది. x అక్షాన్ని సుమారు 1.095 దగ్గర, y అక్షాన్ని 1.732 దగ్గర కోస్తుంది. ఈ రెండు సంఖ్యలూ దాని పొడవూ కావు, వెడల్పూ కావు. అసలు కొలతలు వేరే దిక్కుల్లో ఉన్నాయి. ఆ దిక్కులనే ప్రధానాక్షాలు అంటారు. వాటిని పట్టుకోవడమే ఇక్కడి పని.

చిక్కంతా 4xy అనే మిశ్రమ పదంతోనే. అది లేకపోతే సమీకరణం చూడగానే కొలతలు చెప్పేయవచ్చు. ఆ పదం ఎందుకు వచ్చిందంటే, మనం గీసుకున్న x, y అక్షాలు ఆ ఆకారానికి సరిపడేవి కావు గనుక. అంటే లోపం ఆకారంలో లేదు, మనం దాన్ని చూస్తున్న కోణంలో ఉంది. సరైన కోణానికి అక్షాలను తిప్పుకుంటే మిశ్రమ పదం దానంతటదే మాయమవుతుంది. ఎంత తిప్పాలో చెప్పేది మాత్రిక.

ముందుగా 5x² + 4xy + 2y² ను 2×2 మాత్రికగా రాసుకోవాలి. వర్గ పదాల గుణకాలు 5, 2 వికర్ణం మీదకు వెళ్తాయి. 4xy లోని 4ను మాత్రం సగం చేసి, రెండో వికర్ణంలోని రెండు గళ్లలోనూ 2 చొప్పున పెట్టాలి. మొదటి వరుస 5, 2. రెండో వరుస 2, 2. వికర్ణానికి అటూ ఇటూ ఒకే సంఖ్య ఉంది కాబట్టి ఇది సౌష్ఠవ మాత్రిక. సగం చేయడం మరిచిపోయి 4, 4 అని రాస్తే నిర్ధారకం 10 − 16 = −6 అవుతుంది. నిర్ధారకం రుణసంఖ్య అయిందంటే ఆ ఆకారం దీర్ఘవృత్తం కాదు, అతిపరావలయం. కళ్లముందు మూసుకున్న వక్రం కనబడుతుంటే లెక్క మాత్రం రెండు విడి ముక్కలంటుంది. తప్పు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది.

ఇక ఐగెన్ విలువలు. వాటి మొత్తం వికర్ణంలోని సంఖ్యల మొత్తానికి సమానం, అంటే 5 + 2 = 7. వాటి లబ్ధం నిర్ధారకానికి సమానం, అంటే 10 − 4 = 6. మొత్తం 7, లబ్ధం 6 అయ్యే సంఖ్యలు 6, 1. ఒక్కో విలువకూ ఓ దిక్కు ఉంటుంది. ఆ దిక్కులోని సదిశను మాత్రికతో గుణిస్తే అది పక్కకు తిరగదు, అన్ని రెట్లు పెరుగుతుంది, అంతే. (2, 1)ని గుణించి చూడండి: 5×2 + 2×1 = 12, 2×2 + 2×1 = 6. వచ్చింది (12, 6), అంటే సరిగ్గా ఆరు రెట్లు. అలాగే (1, −2)ని గుణిస్తే మళ్లీ (1, −2)యే వస్తుంది, ఒక రెట్టు.

ఇప్పుడు ఆ రెండు సదిశలను చూడండి. 2×1 + 1×(−2) = 0. అవి ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. ఇది కాకతాళీయం కాదు. మాత్రికను A అనీ, సదిశలను p, q అనీ అనుకుందాం. సౌష్ఠవం వల్ల Apని qతో గుణించినా, pని Aqతో గుణించినా ఒకే బిందు లబ్ధం వస్తుంది. మొదటి లెక్కలో అది p·qకు ఆరు రెట్లు, రెండో లెక్కలో ఒక రెట్టు. ఒకే సంఖ్య అటు ఆరు రెట్లూ ఇటు ఒక రెట్టూ కావాలంటే p·q సున్నా కాక తప్పదు. సౌష్ఠవ మాత్రికకు ఐగెన్ విలువలు ఎప్పుడూ వాస్తవ సంఖ్యలే అని కోషీ 1829లో నిరూపించాడు. గ్రహాల కక్ష్యల్లో శతాబ్దాల మీద నెమ్మదిగా వచ్చే మార్పులను లెక్కగట్టే సమీకరణం కోసం చేసిన పని అది.

సదిశలు రెంటినీ వాటి పొడవు √5తో భాగించి కొత్త అక్షాలుగా తీసుకుందాం: u = (2x + y)/√5, v = (x − 2y)/√5. అప్పుడు మన సమీకరణం 6u² + v² = 6గా మారిపోతుంది. మిశ్రమ పదం లేదు. u దిక్కున సగం కొలత 1, v దిక్కున √6, అంటే దాదాపు 2.45. నమ్మకం కలగకపోతే 6u² + v²లో u, vల విలువలు పెట్టి విప్పి చూసుకోవచ్చు: (25x² + 20xy + 10y²)/5, అంటే మొదలుపెట్టిన చోటికే వస్తాం.

దీనికి మాత్రికలెందుకు, వర్గం పూర్తి చేస్తే మిశ్రమ పదం పోదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. నిజమే, పోతుంది. అదే రూపాన్ని 5(x + 2y/5)² + (6/5)y² అని రాయవచ్చు. కానీ ఇప్పుడు గుణకాలు 5, 1.2 అయ్యాయి, 6, 1 కాలేదు. ఎందుకంటే కొత్తగా తీసుకున్న x + 2y/5, y అనే నిరూపకాల అక్షాలు లంబంగా లేవు. ఆకారాన్ని వంచి, సాగదీసి కొలిచినట్టయింది. గుణకాల గుర్తులు మాత్రం ఏ దారిన వెళ్లినా మారవు, రెండూ ధనమే. ఇదే 1852 నాటి సిల్వెస్టర్ జడత్వ నియమం. ఆకారం దీర్ఘవృత్తమా కాదా అన్నంతవరకే కావాలంటే వర్గం పూర్తి చేస్తే చాలు. పొడవెంత, ఎటు వాలింది అన్నది కావాలంటే లంబ మాత్రికే కావాలి. అది తిప్పుతుంది లేదా అద్దంలోలా ప్రతిబింబిస్తుంది, సాగదీయదు.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులు ఎక్కువగా జారిపడే చోటు ఇంకొకటుంది: ఒకే ఐగెన్ విలువ రెండుసార్లు వచ్చినప్పుడు. 2xy + 2yz + 2zx తీసుకోండి. దీని మాత్రికలో వికర్ణమంతా సున్నాలు, మిగతా గళ్లన్నీ ఒకట్లు. ఐగెన్ విలువలు 2, −1, −1. విలువ 2కు దిక్కు (1, 1, 1). విలువ −1కి x + y + z = 0 అనే తలంలోని ప్రతి సదిశా పనికొస్తుంది. చాలామంది చేతికందిన (1, −1, 0), (1, 0, −1) తీసుకుని ముందుకు పోతారు. అవి ఐగెన్ సదిశలే గాని లంబంగా లేవు, వాటి లబ్ధం 1. పైన చూసిన నిరూపణ విలువలు వేర్వేరైనప్పుడే పనిచేస్తుంది, ఇక్కడ కాపాడదు. వాటి పొడవులతో భాగించి P కట్టి PᵀP వేసి చూస్తే సున్నా రావలసిన చోట 1/2 కనబడుతుంది. PᵀAPలో అదే గడిలో −1/2 మిగిలిపోతుంది. మందు సులువే: రెండో సదిశ నుంచి మొదటిదాంట్లో సగం తీసేస్తే (1/2, 1/2, −1) వస్తుంది, అంటే (1, 1, −2) దిక్కు. ఇక లంబమే. రూపం 2p² − q² − r² అవుతుంది.

విలువ రెండుసార్లు వచ్చిందంటే ఆ ఆకారం (1, 1, 1) దిక్కు చుట్టూ గుండ్రంగా ఉందని అర్థం. గుండ్రటి దానికి పొడవు ఎటు, వెడల్పు ఎటు అంటే జవాబు ఉండదు, ఏ లంబమైన జత అయినా సరే. విలువలు సరిగ్గా సమానం కాకుండా బాగా దగ్గరగా ఉన్నప్పుడే అసలు జాగ్రత్త కావాలి. 5.01x² + 5y²కు ప్రధానాక్షాలు x, y అక్షాలే. 5x² + 0.02xy + 5y²కు మాత్రం అవి 45 డిగ్రీలు తిరిగిపోతాయి. గుణకాల్లో తేడా రెండు వందో వంతులకు మించలేదు, ఐగెన్ విలువలు రెండు చోట్లా 5కు చుట్టుపక్కలే ఉన్నాయి. కొలిచి తెచ్చిన సంఖ్యలతో పనిచేసేవారు ఇలాంటి చోట ఐగెన్ విలువలను నమ్మవచ్చు గాని, దిక్కులను నివేదికలో రాసే ముందు ఆ రెండు విలువల మధ్య తేడా కొలతల్లో ఉండే పొరపాటు కంటే బాగా పెద్దదేనా అని చూసుకోవాలి.